అమ్మకి మందుల పెట్టె: మూత తెరిచినట్టు తెలుస్తుంది, మాత్ర మింగినట్టు తెలీదు

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లెటూరు. నేను టొరంటోలో, అన్నయ్య సింగపూర్‌లో ఉంటాం. అమ్మకి షుగరు, బీపీ. ఇంట్లో ఒక్కర్తే ఉంటుంది. వేళకి మందులు గుర్తుచేసే పెట్టె మేమే చేసి పంపుదామనుకుంటున్నాం. ఆర్డ్యునో కొంచెం తెలుసు. ఇలా చేసినవాళ్ళెవరైనా ఉన్నారా? ఏమేం చూసుకోవాలి?

సమాధానం:

ఉన్నారు. నరసన్నపేట దగ్గర ఒక ఊళ్ళో ఉండే అమ్మ కోసం ఆవిడ కూతురూ కొడుకూ కలిసి చేశారు. అప్ప టెక్సాస్‌లో, తమ్ముడు డబ్లిన్‌లో. నేను శ్రీకాకుళంలో సర్క్యూట్ బోర్డుల పని చేస్తాను. తర్వాత ఆ పెట్టెని విప్పి మార్చి బిగించింది నేనే. అందుకని వాళ్ళ కథే చెబుతాను, ఎందుకంటే మీరు చూసుకోవాల్సినవన్నీ అందులోనే ఉన్నాయి.

ఆవిడకి డెబ్బై దాటాయి. పొద్దున్న టిఫిన్‌తో షుగరుకి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్. రాత్రి భోజనంతో మళ్ళీ మెట్‌ఫార్మిన్, కొలెస్ట్రాల్ మాత్ర ఒకటి. మధ్యాహ్నం ఏమీ లేవు. మాత్రలు మర్చిపోవడం మొదలైందని పక్కింటి పిన్ని ఫోన్‌లో చెబితే, తమ్ముడు డబ్లిన్‌లో కూర్చుని మొదటి పెట్టె చేశాడు. ఈఎస్పీ32 బోర్డు, పాటలు వినిపించే డీఎఫ్‌ప్లేయర్ మినీ, చిన్న స్పీకరు, పొద్దున్నకొక గది, రాత్రికొక గది. గది మూతకి చిన్న అయస్కాంతం, దాని కింద రీడ్ స్విచ్. మూత తెరిస్తే అయస్కాంతం దూరమై స్విచ్ వదిలేస్తుంది, మోగడం ఆగుతుంది.

బజరు బదులు అప్ప గొంతు రికార్డు చేసి పెట్టారు. అది చాలా మంచి పని. వయసు మీదపడ్డాక ముందుగా వినపడకుండా పోయేవి సన్నటి శబ్దాలు. అలారం బజర్లన్నీ దాదాపు అలా కీచుమనేవే. వంటింట్లో కుక్కరు కూస్తుంటే ఆవిడకి బజరు వినపడేది కాదు, కూతురి గొంతు మాత్రం పెరట్లోకి కూడా వినపడేది. "అమ్మా, టిఫినెట్టుకున్నావా? మాత్రేసుకో" అని పొద్దున్న ఎనిమిదికి పిలిచేది. పెట్టె పిలవగానే "ఆఁ, వస్తన్నానమ్మా" అని జవాబు చెప్పి మరీ లేచేదట.

ఇబ్బంది ఒక ముసురు రోజున వచ్చింది. ఎనిమిదికి పెట్టె పిలిచింది. ఆవిడ గది తెరిచి మాత్రలు వేసుకుని చోడంబలి తాగింది. కాసేపటికి కరెంటు పోయింది. తొమ్మిదికి ముందే మళ్ళీ వచ్చింది. రాగానే పెట్టె మొదటినుంచి పని మొదలుపెట్టింది. టైము చూసుకుంది, ఇంకా పొద్దున్న మాత్రల వేళే. మూత తెరిచిన సంగతి బోర్డు మెమరీలో ఉండేది, అది కరెంటుతో పాటే పోయింది. దాంతో మళ్ళీ "అమ్మా, మాత్రేసుకో" అంది. ఆవిడ తర్వాత నాతో అన్న మాట ఇది: "ఏసుకున్నట్టే గుర్తు బాబూ. కానీ పాప చెప్తంది గదా, నేనే మర్చిపోయాననుకున్నాను." గదిలో వారానికి సరిపడా మాత్రలు కలిపే పోసి ఉన్నాయి కాబట్టి, చూసి తేల్చుకునే వీలు కూడా లేదు. మళ్ళీ వేసుకుంది.

పదకొండయ్యేసరికి చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. పిన్ని చూసి పంచదార నీళ్ళు పట్టించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే రెండుసార్లు పడితే కడుపులో వికారంతో పోయేదేమో. గ్లిమిపిరైడ్ అలాంటిది కాదు. అది ఒంట్లో ఇన్సులిన్‌ని బలవంతంగా విడుదల చేయిస్తుంది, దాని పని రోజంతా సాగుతుంది. పంచదార నీళ్ళతో తేరుకున్నట్టు కనిపించి కొన్ని గంటల తర్వాత షుగరు మళ్ళీ పడిపోవచ్చు. అందుకే డాక్టరుగారు ఆవిణ్ణి రాత్రికి అక్కడే ఉంచి గమనించారు. మీ అమ్మగారి చీటీలో గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి ఉన్నాయేమో ముందు చూడండి. ఉంటే పెట్టె మర్చిపోవడం కంటే పెట్టె రెండోసారి పిలవడం ప్రమాదం. ఎప్పుడైనా అలా జరిగినట్టు అనుమానం వస్తే, బాగానే ఉన్నానని ఆవిడ అన్నా సరే, 108కి ఫోన్ చేయించండి.

అప్ప, తమ్ముడు ఆ రాత్రి వీడియో కాల్‌లో నాతో మాట్లాడారు. అప్ప ఏడుస్తూనే ఉంది. "నా గొంతే కదన్నా వేయించింది" అంది. అమ్మ తన జ్ఞాపకం కంటే కూతురి మాటనే ఎక్కువ నమ్మింది. మనిషి గొంతు పెట్టినప్పుడు ఇది ఎప్పుడూ ఉండే విషయమే. అందుకని పెట్టెకి తెలిసినదేంటి, తెలియనిదేంటి అన్నది కాగితం మీద రాసుకుని అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెట్టాం. పెట్టెకి తెలిసేది ఒక్కటే: ఫలానా టైముకి మూత తెరుచుకుంది. మాత్ర నోట్లో పడిందో, కింద పడిందో, మనవడెవరైనా ఆడుకుంటూ తెరిచాడో దానికి తెలియదు. కరెంటు లేనప్పుడు ఏం జరిగిందో అసలే తెలియదు. తెలియని విషయం మీద అది "వేసుకో" అని చెప్పకూడదు.

ముందు మార్చింది గదుల్ని. మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో వారం డబ్బాలు దొరుకుతాయి, రోజుకి రెండు గదుల చొప్పున పద్నాలుగు గదులవి. అలాంటిది కొని చెక్క పెట్టెలో కూర్చోబెట్టాం. ప్రతి గదికీ స్విచ్ పెట్టాలని తమ్ముడికి ఉండేది. పద్నాలుగు స్విచ్‌లు, పద్నాలుగు జతల తీగలు అంటే ఏదో ఒకటి ఊడడం ఖాయం, అక్కడ బాగుచేసే మనిషి లేడు. పై మూతకి ఒక్కటే స్విచ్ ఉంచాం. గదుల పక్కన ఏడు చిన్న దీపాలు, ఏ రోజుదైతే ఆ వరస వెలుగుతుంది. వరసల మీద ఆది, సోమ, మంగళ అని పెద్దక్షరాలతో రాయించాం. ఇప్పుడు ఈ రోజు పొద్దున్న గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే, మాత్ర ఉంటే వేసుకోనట్టే. కరెంటు ఉన్నా లేకపోయినా ఆ గది అబద్ధం చెప్పదు.

తర్వాత గొంతు. అప్ప మళ్ళీ రికార్డు చేసింది: "అమ్మా, దీపం వెలిగిన వరసలో పొద్దున్న గది చూడు. మాత్రలుంటే టిఫిన్ ముందెట్టుకుని వేసుకో. ఖాళీగా ఉంటే వేసేసుకున్నావు, ఇంక ముట్టుకోకు." కొంచెం పొడుగే, కానీ ఇది ఎన్నిసార్లు వినపడినా నష్టం లేదు. పొరపాటున నాలుగుసార్లు మోగినా ఆవిడ నాలుగుసార్లు గది చూస్తుంది, అంతే. మీ ప్రోగ్రాములో తప్పు వల్ల పెట్టె మళ్ళీ పిలిచినా, ఈ ఒక్క వాక్యం సరిగ్గా ఉంటే అమ్మ రెండోసారి వేసుకునే ప్రమాదం చాలా తగ్గుతుంది. మీ ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే రికార్డు చేయండి, నెమ్మదిగా, రెండు వాక్యాల మధ్య కాస్త ఆగి.

మూడోది, మూత తెరిచిన తేదీని బోర్డు ఫ్లాష్ మెమరీలో రాయడం. ఈఎస్పీ32లో దీనికి Preferences లైబ్రరీ ఉంది, కరెంటు పోయినా చెరగదు. ymd అంటే ఆ రోజు తేదీ, 20251014 లాగా ఒక్క సంఖ్యగా.

```
// పొద్దున్న వేళలో మూత తెరిచినప్పుడు
prefs.putUInt("udayam", ymd);

// మోగించే ముందు
if (prefs.getUInt("udayam", 0) == ymd) return;
```

ఇక్కడ మూత "తెరిచి ఉందా" అని చూడకండి, "మూసి ఉన్నది ఇప్పుడు తెరుచుకుందా" అని చూడండి. తేడా వానాకాలంలో తెలుస్తుంది. మా వైపు గాలిలో తేమకి చెక్క ఉబ్బుతుంది, మూత పూర్తిగా కూర్చోదు, అయస్కాంతం అందదు. తెరిచి ఉందా అని చూసే పెట్టె అప్పుడు ఆవిడ రోజూ వేసుకుంటోందనే అనుకుంటుంది, మోగడమే మానేస్తుంది. ఇంకో చిన్న సంగతి: ఈఎస్పీ32లో 34 నుంచి 39 వరకూ ఉన్న పిన్నులకి లోపల పుల్అప్ లేదు. స్విచ్‌ని వాటికి కలిపి `INPUT_PULLUP` అని రాసినా పనిచేయదు, మూత దానంతటదే తెరుచుకుంటున్నట్టు కనిపిస్తుంది. 27 లాంటి పిన్నుకి కలపండి.

వేళ విషయం. పొద్దున్న ఎనిమిది అని ఒక్క నిమిషం పెట్టుకోకుండా, ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఒక వ్యవధి పెట్టుకోండి. ఎంతవరకూ ఉండొచ్చో ప్రతి మాత్రకీ డాక్టరుగారినే అడిగి రాయించుకోండి. ఆ వ్యవధిలో పావుగంటకోసారి పిలుస్తుంది. దాటిందా, ఆ పూటకి పెట్టె మాట్లాడదు. పదకొండింటికి గుర్తొచ్చి వేసుకోవచ్చా లేదా అన్నది పెట్టె చెప్పాల్సిన విషయం కాదు, డాక్టరుగారు ముందే రాసిచ్చిన కాగితం చెప్పాలి. ఆ కాగితాన్ని మూత లోపలి వైపు అంటించాం. ఆవిడ కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటుంది. ఆ రోజు గ్లిమిపిరైడ్ వేసుకోవద్దని, మిగతావాటిని ఏం చేయాలో కూడా డాక్టరుగారు అదే కాగితం మీద రాశారు. తిండి లేకుండా ఆ మాత్ర వేసుకుంటే రెండుసార్లు వేసుకున్నప్పటి బాధే వస్తుంది. అందుకని ఉపవాసాల ముందు ఆదివారం డబ్బా నింపేటప్పుడే పిన్ని ఆ గదుల్లో ఆ మాత్ర పెట్టదు.

టైము మాటకొస్తే, వైఫై ద్వారా తెచ్చుకోవడం ఒక్కటే చాలదు. మన దగ్గర కరెంటు పోతే రూటరు కూడా పోతుంది. అప్పుడు బోర్డు మళ్ళీ మొదలైతే దానికి తేదీ తెలియదు, 1970 అనుకుంటుంది. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో వచ్చినప్పుడు పలాస, ఉద్దానం వైపు చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి, మీకూ గుర్తుండే ఉంటుంది. అందుకని డీఎస్3231 అనే గడియారం మాడ్యూల్ పెట్టండి. బటన్ సెల్ మీద నడుస్తుంది, ఏడాదికి ఒక నిమిషం అటూ ఇటూ అవుతుంది, అంతే. చవకగా దొరికే మాడ్యూళ్ళలో చాలావాటికి ఆ సెల్‌ని చార్జ్ చేసే సర్క్యూట్ ఉంటుంది. మనం వేసే మామూలు సీఆర్2032 చార్జ్ చేయకూడనిది, ఉబ్బిపోతుంది. చార్జింగ్ దారిలో ఉన్న చిన్న డయోడ్‌ని గానీ రెసిస్టర్‌ని గానీ ఊడదీసి వాడండి. ప్రోగ్రాములో మాత్రం ఇండియా టైమే ఉంచండి:

```
configTzTime("IST-5:30", "pool.ntp.org");
```

అక్కడ మైనస్ చూసి తప్పనుకుని ప్లస్ చేయకండి, ఆ రాతలో గుర్తు తిరగేసి ఉంటుంది. మీ టొరంటో టైముతో లెక్కకట్టి పెడితే మార్చిలో, నవంబరులో అక్కడ గడియారం మారినప్పుడల్లా అమ్మ మాత్ర గంట జరిగిపోతుంది.

పెట్టెకీ రూటరుకీ కలిపి, రూటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్ పెట్టాం. మామూలు కోతలకి సరిపోతుంది. తుపానుకి సరిపోదు. అప్పుడు పెట్టె మాట్లాడదు, గదులు మాత్రం ఉంటాయి. దీపం లేకపోయినా వారం పేరు చూసి వేసుకోవడం ఆవిడకి మేం ముందే అలవాటు చేశాం, స్విచ్ ఆపేసి రెండు రోజులు అలాగే నడిపించి.

ఇక మీకు కబురు రావడం. ఈ అప్పా తమ్ముళ్ళు మొదట ప్రతి పూటకీ ఇద్దరి ఫోన్‌లకీ మెసేజ్ వచ్చేలా పెట్టుకున్నారు. కొన్నాళ్ళకి ఇద్దరూ చూడడం మానేశారు, రెండోవాళ్ళు చూసే ఉంటారని. తర్వాత పంచుకున్నారు. పొద్దున్న వ్యవధి మన తొమ్మిదిన్నరకి ముగిస్తే టెక్సాస్‌లో వేసవిలో ముందురోజు రాత్రి పదకొండు, చలికాలంలో పది. అప్ప పడుకునే ముందు. రాత్రి వ్యవధి మన తొమ్మిదిన్నరకి ముగిస్తే డబ్లిన్‌లో సాయంత్రం, తమ్ముడు ఆఫీసులో. కాబట్టి పొద్దుటిది అప్పది, రాత్రిది తమ్ముడిది. మూత తెరుచుకోకపోతేనే మెసేజ్. వచ్చినప్పుడు వాళ్ళు ముందు అమ్మకి ఫోన్ చేస్తారు, "మాత్రేసుకున్నావా" అని అడగరు, "గది చూసి చెప్పు" అంటారు. ఫోన్ ఎత్తకపోతే పిన్నికి చేస్తారు. మీ ఇంట్లో ఇది తిరగబడుతుంది. మన పొద్దున్న తొమ్మిదిన్నర అంటే సింగపూర్‌లో మధ్యాహ్నం పన్నెండు, అది అన్నయ్యకి. మన రాత్రి తొమ్మిదిన్నర టొరంటోలో వేసవిలో మధ్యాహ్నం పన్నెండు, చలికాలంలో పదకొండు, అది మీకు.

మెసేజ్ రాకపోవడానికి రెండు అర్థాలున్నాయి: అంతా బాగుందని, లేదా పెట్టే చచ్చిపోయిందని. ఈ రెండూ విడదీయడానికి పెట్టె రోజూ తెల్లవారుజామున ఆరింటికి ఒక మెసేజ్ పంపుతుంది: "బాగున్నాను, మూత మూసి ఉంది, కరెంటు ఉంది." అది రాని రోజు అప్ప ఫోన్ చేస్తుంది. మూత తెరిచి ఉందని వస్తే చెక్క ఉబ్బిందనో అయస్కాంతం ఊడిందనో అర్థం, పిన్ని వెళ్ళి చూస్తుంది. మెసేజ్‌లకి టెలిగ్రామ్ బాట్ వాడారు, తేలికగా కుదిరింది. ఈఎస్పీ32 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటుంది, రూటర్లో అది ఆన్‌లో ఉందో లేదో ముందే చూడండి. రూటరు మార్చాల్సి వస్తే కొత్తదానికి పాత పేరే, పాత పాస్‌వర్డే పెట్టించండి, లేకపోతే అక్కడ పెట్టెకి కొత్త పాస్‌వర్డ్ చెప్పే మనిషి కోసం వెతుక్కోవాలి.

మాత్రల్ని రేకులోంచి తీసి గదుల్లో వేయడం గురించి కూడా ఒక మాట. అన్నీ తీయకూడదు. తేమ పట్టే మాత్రలున్నాయి, సముద్రం దగ్గరి ఊళ్ళలో అవి త్వరగా మెత్తబడతాయి. గుండెకి వేసుకునే ఆస్పిరిన్ పాడైతే వెనిగర్ వాసన వేస్తుంది. అలా వాసన వస్తే పారేయాలి. ఏవి తీయొచ్చో మందుల షాపు ఫార్మసిస్టుని అడగండి. తీయకూడని వాటికి రేకుని కత్తిరించి ఒక్కో ముక్క గదిలో పెడదామనిపిస్తుంది, కానీ చూపు మందగించిన పెద్దవాళ్ళు ఆ ముక్కని రేకుతో సహా మింగేస్తే దాని మూలలు గొంతులో చీరుకుంటాయి. అలాంటి మాత్రని రేకులోనే బయట ఉంచి, దాని గదిలో ఎర్ర కాగితం ముక్క పెట్టి, అది తీసి పారేశాకే మాత్ర వేసుకునేలా చేశాం. తేమ పీల్చే సిలికా పొట్లాన్ని గదుల్లో వేయకండి, మాత్రనుకుంటారు. పై మూత లోపలి వైపు అంటించండి. వారానికి మించి నింపకండి.

నింపే మనిషి గురించి మీరు అడగలేదు. కానీ ఈ పెట్టెలో అన్నిటికంటే నమ్మకమైన లెక్క ఆ మనిషి దగ్గరే ఉంటుంది. ప్రతి ఆదివారం పిన్ని డాక్టరు చీటీ పక్కన పెట్టుకుని నింపుతుంది, నింపే ముందు ఏ గదుల్లో మాత్రలు మిగిలాయో ఫొటో తీసి పంపుతుంది. ఒకసారి రాత్రి గదుల్లో మూడు మెట్‌ఫార్మిన్లు మిగిలాయి. మూత మాత్రం రోజూ తెరుచుకున్నట్టే పెట్టె రాసింది. అడిగితే ఆవిడ చెప్పింది, రాత్రి ఆకలి వేయక మజ్జిగ తాగి పడుకుంటున్నానని, గది చూసి మూసేస్తున్నానని. అది డాక్టరుగారికి చెబితే రాత్రి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మార్చారు. ఏ సెన్సరూ ఆ సంగతి పట్టుకునేది కాదు.

మీ ఇంటి దగ్గర అలా వారానికోసారి వచ్చే మనిషి ఎవరో ముందు తేల్చుకోండి, ఆ తర్వాతే సామాను కొనండి. అమ్మగారి మాత్రల పేర్లు, డాక్టరుగారు చెప్పిన వేళలు ఇక్కడ రాస్తే గదులు ఎన్ని కావాలో, వ్యవధి గురించి ఆయన్ని ఏం అడగాలో చెబుతాను. తమ్ముడు రాసిన ప్రోగ్రాము మొత్తం ఇస్తానన్నాడు, అది కూడా మీకు పంపిస్తాను.